క్యూలో నిలబడేదెవరు? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఇంటి లెక్కలు

1940 జనవరి 8 నుంచి బ్రిటన్‌లో ఒక మనిషికి వారానికి 4 ఔన్సుల వెన్న, 4 ఔన్సుల బేకన్, 12 ఔన్సుల చక్కెర మాత్రమే అన్నారు. 4 ఔన్సులంటే 113 గ్రాములు. మార్చిలో మాంసం, జులైలో టీ పొడి కూడా ఈ జాబితాలోకి వచ్చాయి, టీ అయితే వారానికి 2 ఔన్సులే, అంటే యాభై ఏడు గ్రాములు, టీ లేకుండా పొద్దు గడవని దేశంలో! రేషన్ ఎందుకు పెట్టారంటే తిండి లేక అని చాలామంది చెబుతారు. అది సగం నిజమే. అసలు కొరత ఓడలది.

యుద్ధానికి ముందు బ్రిటన్ తినేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు బయటి దేశాల నుంచే వచ్చేది. జర్మన్ జలాంతర్గాములు సరుకు ఓడల్ని ముంచేస్తుంటే మిగిలిన ఓడల్లో ఏం ఎక్కించాలన్నది రోజూ తేల్చుకోవాల్సిన విషయమైంది. ఓడలో గోధుమలు నింపిన చోట ఉక్కు పట్టదు, చక్కెర పోసిన చోట విమాన ఇంధనం పట్టదు. జనం నోరు కట్టేయడమంటే ఆ ఓడల్లో యుద్ధ సామగ్రికి చోటు చేయడం. 1942లో తెల్ల రొట్టెను దాదాపు ఆపేసి, గోధుమ గింజలో 85 శాతం పిండిగా వాడే మట్టిరంగు ‘నేషనల్ లోఫ్’ తెచ్చింది కూడా ఇందుకే. అదే గోధుమలోంచి ఎక్కువ పిండి వస్తే ఓడల్లో ఆ మేరకు చోటు మిగులుతుంది. ఆ రొట్టె ఎవరికీ నచ్చలేదు, అయినా తిన్నారు.

రేషన్ పెట్టడం తేలికే, నడపడమే కష్టం. కార్డు పట్టుకుని దుకాణానికి వెళితే సరుకు లేదంటే ఆ కార్డు చిత్తు కాగితమే. ఈ చిక్కును బ్రిటన్ తెలివిగానే విప్పింది. 1939 సెప్టెంబర్ 29న దేశమంతటా ఒకే రోజున జనం పేర్లు నమోదు చేసి గుర్తింపు కార్డులిచ్చారు, ఆ జాబితా ఆధారంగానే రేషన్ పుస్తకాలు పంచారు. పుస్తకం చేతికొచ్చాక ప్రతి ఇల్లూ వెన్నకూ చక్కెరకూ ఒక కిరాణా కొట్టులో, మాంసానికి ఒక కసాయి కొట్టులో పేరు రాయించుకోవాలి. ఎంతమంది పేర్లు రాయించుకున్నారో కొట్టువాడు స్థానిక ఫుడ్ ఆఫీసుకి చూపించాలి, ఆ సంఖ్యను బట్టే అతనికి టోకు సరుకు కొనే పర్మిట్ దొరుకుతుంది. మన చౌక ధరల దుకాణం డీలర్‌కి కార్డుల లెక్కన సరుకు వచ్చినట్టే అనుకోవచ్చు. మూడు వందల మంది ఖాతాదారులుంటే మూడు వందల మందికి సరిపడా వెన్న వస్తుంది, కాబట్టి వాటా చిన్నదైనా మీ పేరున రావాల్సింది రాకుండా పోవడం అరుదు. మొదట్లో కొట్టువాళ్లు పుస్తకంలోని కూపన్లు కత్తిరించి, లెక్కపెట్టి ఆఫీసుకి పంపాల్సి వచ్చేది, అంత కాగితపు పని ఎవరి వల్లా కాక తర్వాత పుస్తకంలోనే వాటి మీద గీత కొట్టేసే పద్ధతికి వచ్చారు.

పుస్తకాల రంగులు కూడా వేరు. మామూలు పెద్దలకి లేత గోధుమ రంగు, గర్భిణులకీ బాలింతలకీ అయిదేళ్ల లోపు పిల్లలకీ ఆకుపచ్చ, బడి పిల్లలకి నీలం. ఆకుపచ్చ పుస్తకం ఉన్నవాళ్లకి పాలు, నారింజ పండ్లు, గుడ్లలో ముందు వరస. డబ్బున్నవాడి పుస్తకానికి మాత్రం వేరే రంగు లేదు. జనం దీన్ని నమ్మడానికి అదొక పెద్ద కారణం.

కచ్చితంగా ఇవ్వగలమన్న సరుకునే ప్రభుత్వం రేషన్‌లో పెట్టింది. రొట్టె, బంగాళాదుంపలు యుద్ధం సాగినన్నాళ్లూ రేషన్‌లో లేవు, ఎంత కావాలంటే అంత కొనుక్కోవచ్చు, కడుపు నిండేది వాటితోనే. చేపలు, కూరగాయలు, పండ్లు కూడా రేషన్‌లో లేవు, కానీ దానికి కారణం వేరు. ఎప్పుడు ఎంత వస్తాయో తెలియని, పాడైపోయే సరుకుని తలా ఇంత అని పంచడం సాధ్యం కాదు. ఫలితం ఊహించవచ్చు. రేషన్ సరుకు ఎప్పుడు వెళ్లినా దొరికేది, రేషన్ లేని సరుకు కోసం మాత్రం ఎవరో చేపలొచ్చాయనగానే వీధి పొడవునా క్యూ. యుద్ధరంగానికి దూరంగా ఇంటి దగ్గర జనం సాగించిన పోరునే హోమ్ ఫ్రంట్ అంటారు, బ్రిటన్‌లో అది ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ కారిపోయిందో తెలియాలంటే ఈ క్యూ దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో నిలబడింది ఎక్కువగా ఆడవాళ్లే.

డబ్బా మాంసం, డబ్బా చేపల్లాంటి వాటికి 1941 డిసెంబర్ నుంచి ఇంకో పద్ధతి తెచ్చారు, పాయింట్ల పద్ధతి. ఒక్కొక్కరికీ మొదట నెలకి 16 పాయింట్లు. ఏ కొట్టులోనైనా, నచ్చిన డబ్బా మీద ఖర్చు పెట్టుకోవచ్చు. డబ్బు ధర ఎలాగూ ఉంటుంది, దాంతో పాటు పాయింట్ల ధర కూడా ఉంటుంది. ఏ సరుకు చకచకా అయిపోతోందో దాని పాయింట్లు పెంచేవాళ్లు, అరల్లో పేరుకుపోయిన దానికి తగ్గించేవాళ్లు. అంటే మార్కెట్ చేసే పనినే మార్కెట్ లేకుండా చేశారు, జేబులో ఎంత ఉన్నా పాయింట్లు అందరికీ సమానం కాబట్టి గొప్పింటివాడు పేదవాడి డబ్బాని ఎగరేసుకుపోలేడు. రేషన్ పద్ధతులన్నింటిలో ఇదే అందంగా పనిచేసిందనిపిస్తుంది.

బట్టల రేషన్‌ది ఇంకో కథ. ముందే తెలిస్తే జనం ఎగబడి కొనేస్తారు, కొత్త కూపన్లు అచ్చేస్తే ప్రెస్ నుంచి వార్త పొక్కుతుంది. అందుకే 1941 జూన్ 1న, ఆదివారం, సెలవు వారాంతంలో దుకాణాలన్నీ మూసి ఉన్నప్పుడు రేడియోలో ప్రకటించారు. కూపన్లేవి? తిండి రేషన్ పుస్తకంలో వాడకుండా మిగిలిన, వెన్నకి బదులు వాడే మార్జరిన్ కూపన్లనే బట్టలకి వాడుకోమన్నారు! మొదటి ఏడాదికి మనిషికి 66 కూపన్లు. మగవాళ్ల సూటు ఒక్కటే 26 తినేసేది, ఆడవాళ్ల ఉన్ని గౌనుకి 11.

ఇక అందరికీ సమాన వాటా అన్న సూత్రంలో ఒక పెద్ద చిక్కుంది. బల్ల దగ్గర కూర్చునే గుమస్తాకీ, కొలిమి దగ్గర చెమటోడ్చే కార్మికుడికీ ఒకే మాంసం ముక్క ఎలా సరిపోతుంది? జర్మనీ ఇక్కడ సూటిగా వెళ్లింది. బరువు పని చేసేవాళ్లకి ఎక్కువ, మామూలు వాళ్లకి తక్కువ, యూదులకి ఇంకా తక్కువ, ఆక్రమించిన దేశాల జనానికి ఆకలి. బ్రిటన్‌లో వ్యవసాయ కూలీలకి, గని కార్మికులకి అదనంగా జున్ను ఇవ్వడం లాంటివి తప్పిస్తే పుస్తకంలోని వాటా మారలేదు. పక్కదారి ఒకటి తెరిచారు. 1940 నవంబర్‌లో వచ్చిన ఆదేశం ప్రకారం యుద్ధ సామగ్రి చేసే, 250 మందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీల్లో క్యాంటీన్ పెట్టించవచ్చు. అక్కడి భోజనానికి కూపన్ అక్కర్లేదు, పైగా బరువు పనుల ఫ్యాక్టరీల క్యాంటీన్లకి మాంసం ఎక్కువ పంపేవాళ్లు. పుస్తకంలో అందరూ సమానమే, పళ్లెంలో మాత్రం తేడా. క్యాంటీన్ లేనివాళ్ల కోసం ఊళ్లలో చవక భోజనశాలలు పెట్టారు, వాటికి ‘కమ్యూనల్ ఫీడింగ్ సెంటర్లు’ అని పేరు పెడితే చర్చిల్‌కి అది కమ్యూనిజాన్నీ, పేదల్ని ఉంచే శరణాలయాల్నీ గుర్తుచేసేలా వినిపించి ‘బ్రిటిష్ రెస్టారెంట్లు’ అని మార్పించాడు.

ఇదే పక్కదారిలో డబ్బున్నవాళ్లు కూడా నడిచారు. లండన్‌లో ఖరీదైన హోటల్లో తిన్నా కూపన్ ఇవ్వనక్కర్లేదు. ఇంట్లో వారానికో చిన్న మాంసం ముక్కతో సరిపెట్టుకునేవాళ్లకి ఇది కడుపు మండించింది. 1942లో ఒక భోజనం 5 షిల్లింగులు దాటకూడదని ఆంక్ష పెట్టారు, హోటళ్లు అదనపు చార్జీల పేరుతో దానికీ దారులు వెతుక్కున్నాయి.

ఇప్పుడు ఫ్యాక్టరీల సంగతి. మగవాళ్లు సైన్యంలోకి పోయారు, ఆయుధాల ఫ్యాక్టరీలేమో ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి. 1940 మేలో ఎర్నెస్ట్ బెవిన్ కార్మిక మంత్రి అయ్యాడు, ఆయన అసలు రవాణా కార్మికుల యూనియన్ నాయకుడు, బలవంతం కంటే ఒప్పందం మేలని నమ్మినవాడు. మొదట స్వచ్ఛందంగా రమ్మన్నారు. చాలినంతమంది రాలేదు. 1941 వసంతంలో ఇరవై, ఇరవయ్యొక్క ఏళ్ల ఆడవాళ్లంతా ప్రభుత్వ ఉపాధి కార్యాలయమైన లేబర్ ఎక్స్‌చేంజీలో పేరు నమోదు చేసుకోవాలన్నారు, తర్వాత వయసు పరిధి పెంచుకుంటూ పోయారు. ఆ డిసెంబర్‌లో చట్టమే వచ్చింది. 20 నుంచి 30 ఏళ్ల మధ్య పెళ్లికాని ఆడవాళ్లనీ, పిల్లల్లేని వితంతువులనీ ప్రభుత్వం పిలవవచ్చు, వాళ్లు సైన్యపు సహాయక దళాలా, పౌర రక్షణా, ఫ్యాక్టరీయా ఎంచుకోవాలి. నాజీ జర్మనీ తన ఆడవాళ్లని ఇంత గట్టిగా పిలవడానికి వెనకాడింది, ఆ లోటుని పరాయి దేశాల నుంచి ఈడ్చుకొచ్చిన లక్షల మంది వెట్టి కార్మికులతో పూడ్చుకుంది.

బ్రిటన్ అధికారులు ఆడవాళ్లని రెండు గుంపులుగా చూశారు. ఇంటి బాధ్యతలు లేనివాళ్లు ‘కదలగలిగినవాళ్లు’, వాళ్లని ఊరు కాని ఊరు పంపవచ్చు. భర్తకో పిల్లలకో వండిపెట్టాల్సినవాళ్లు ‘కదలలేనివాళ్లు’, వాళ్లకి ఇంటి దగ్గరే పని వెతకాలి. స్కాట్లాండ్ అమ్మాయిల్ని ఇంగ్లండ్ మధ్య ప్రాంతాల ఫ్యాక్టరీలకి పంపడం మీద అక్కడ పెద్ద గొడవే అయింది.

పని ఎలా ఉండేదో చూడాలంటే ఫిరంగి గుండ్లలో పేలుడు మందు నింపే ఫ్యాక్టరీలని చూడాలి. వేల్స్‌లోని బ్రిడ్జెండ్, ఉత్తర ఇంగ్లండ్‌లోని చోర్లీ, ఎయిక్లిఫ్ అలాంటివి, బ్రిడ్జెండ్‌లో వేల మంది, ఎక్కువ మంది ఆడవాళ్లు. లోపలికి వెళ్లగానే బట్టలు మార్చుకునే గది, మధ్యలో నేల మీద ఒక అడ్డుగోడ. ఇటుపక్క ‘మురికి’ వైపు, అటుపక్క ‘శుభ్రమైన’ వైపు. జడపిన్నులు, గొలుసులు, సిగరెట్లు, అగ్గిపెట్టె అన్నీ ఇక్కడే వదలాలి, ఉంగరం ఊడిరాకపోతే దాని మీద టేపు చుట్టాలి, బూట్లు విప్పి లోపలివి తొడుక్కోవాలి. ఒక్క పిన్ను రాసుకుని నిప్పురవ్వ లేస్తే గది మొత్తం పోతుంది. డెటొనేటర్లలో వాడే టెట్రిల్ అనే పసుపు పొడి చర్మానికీ జుట్టుకీ పట్టేసేది, తలకట్టు కిందనుంచి తొంగిచూసిన వెంట్రుకలు రంగు మారిపోయేవి, కొందరికి దద్దుర్లు, దిండు గలీబు కూడా పసుపే. వేళ్లు, కళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లున్నారు. సైనికుడి గాయం పేపర్లో వచ్చేది, వీళ్ల ప్రమాదాలు సెన్సార్ వల్ల పెద్దగా బయటికి రాలేదు.

ఇలాంటి ఒక కార్మికురాలి రోజుని రేషన్ పద్ధతితో కలిపి చూస్తే అసలు ఇబ్బంది కనిపిస్తుంది. ఆమెకి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు అనుకుందాం. షిఫ్టు ఉదయం ఏడింటికి, బస్సు ప్రయాణంతో కలిపి పన్నెండు గంటలు ఇంటి బయటే. పేరు రాయించుకున్న కొట్టు తప్ప వేరే కొట్టులో ఆమె వెన్న కొనలేదు, ఆ కొట్టు సాయంత్రానికి మూసేస్తారు. వెన్న, చక్కెర శనివారం తెచ్చుకున్నా ఫర్వాలేదు, అవి ఆమె పేరున ఉంటాయి. మరి చేపలు, ఉల్లిపాయలు, టమాటాలు? అవి పగలు క్యూలో నిలబడగలిగినవాళ్లకే. కాబట్టి ఆమె నెలకి ఒకటి రెండు పూటలు పనికి ఎగ్గొడుతుంది. మేనేజర్లు దీన్ని గైర్హాజరు అని, ఆడవాళ్లకి బాధ్యత లేదని రాసుకున్నారు. కూపన్లని అందరికీ సమానం చేసిన ప్రభుత్వం సమయాన్ని సమానం చేయలేకపోయింది, ఆ లోటంతా ఫ్యాక్టరీ హాజరు పట్టీలో తేలింది.

కార్మిక శాఖకి ఇది అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. తర్వాత షాపింగ్‌కి అనుమతితో సెలవు, పొరుగువాళ్లే సరుకులు తెచ్చిపెట్టే ఏర్పాట్లు, కొట్లని వారంలో కొన్ని రోజులు ఆలస్యంగా మూయించడం, ఇలా ఊరికో పద్ధతి ప్రయత్నించారు. అన్నిటికంటే పనికొచ్చింది పార్ట్ టైమ్ పని, ఒకే ఉద్యోగాన్ని ఇద్దరు చెరో పూట చేయడం. 1944 నాటికి తొమ్మిది లక్షల దాకా ఆడవాళ్లు ఇలా పనిచేశారు. పిల్లల కోసం ప్రభుత్వ డబ్బుతో శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచారు, 1944 నాటికి సుమారు 1,500. అవీ తేలిగ్గా రాలేదు. తల్లుల్ని ఫ్యాక్టరీకి పంపాలని కార్మిక శాఖ, పసిపిల్లలు ఇంట్లో ఉంటేనే మంచిదని ఆరోగ్య శాఖ, ఈ రెండింటి తగువులో చాలా నెలలు పోయాయి.

ప్రచారం సంగతి ఇక్కడికొస్తే బాగా అర్థమవుతుంది. చట్టం పెళ్లికాని అమ్మాయిని పిలవగలదు, పసిపిల్లల తల్లిని పిలవలేదు. రేషన్ చక్కెరని ఆపగలదు, మిగిలిన క్యారెట్లని తినిపించలేదు. చట్టం చెయ్యి అందని చోట పోస్టర్ పనిచేయాలి. మొదట్లో ఇది ఘోరంగా విఫలమైంది. 1939లో సమాచార శాఖ వేసిన తొలి పోస్టర్ ‘మీ ధైర్యం, మీ ఉల్లాసం, మీ పట్టుదల మాకు విజయం తెస్తాయి’ అంది. ‘కష్టం మాది, గెలుపు మీదా?’ అని జనానికి తోచింది. జనం మాటల్ని నమోదు చేసే మాస్ అబ్జర్వేషన్ సంస్థ దీన్ని బయటపెట్టింది. ఇవాళ కప్పుల మీదా టీషర్టుల మీదా కనిపించే ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ పోస్టర్ అదే వరసలోది, లక్షల కాపీలు అచ్చేసి, బయటపెట్టకుండా దాచి, చివరికి ఎక్కువ భాగం గుజ్జు చేసేశారు. యుద్ధకాలపు ధైర్యానికి గుర్తుగా చెప్పుకునే ఆ వాక్యాన్ని యుద్ధంలో దాదాపు ఎవరూ చూడనే లేదు.

1940 జులైలో ఇంకో పొరపాటు. నిరాశగా మాట్లాడేవాళ్లని అణచడానికి ‘మౌన దళం’ అని ప్రచారం మొదలుపెట్టి, కొందరు మామూలు జనాన్ని కోర్టుకీడ్చారు. అంత వ్యతిరేకత వచ్చింది, చర్చిలే దాన్ని ఆపేస్తున్నానన్నాడు. ఆ తర్వాత ధోరణి మారింది. సమాచార శాఖలోని హోమ్ ఇంటెలిజెన్స్ విభాగం జనం ఏమనుకుంటున్నారో ఎప్పటికప్పుడు నివేదికలు తెప్పించింది, ఆ నివేదికల్లో పదే పదే వచ్చినవి క్యూలు, కొట్టువాళ్లు బల్ల కింద సరుకు దాచి తమవాళ్లకి ఇవ్వడం, పన్నుల్లో, పనిలో అన్యాయం. జనం కష్టానికి సిద్ధమే, తమకొక్కరికే కష్టమంటే ఒప్పుకోరు.

దీన్ని బాగా పట్టుకున్నవాడు ఆహార మంత్రి లార్డ్ వూల్టన్. రాజకీయ నాయకుడు కాదు, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిపిన వ్యాపారి. పొద్దున్నే ఎనిమిదిన్నర లోపే రేడియోలో వంటల కార్యక్రమం వచ్చేది, ఇవాళ మార్కెట్లో దొరికేదాంతోనే ఏం వండొచ్చో చెప్పేది, అంటే గృహిణి సంచి పట్టుకుని బయటికెళ్లే ముందే ఆమె ఏం కొనాలో మలిచేది. క్యారెట్లు తింటే చీకట్లో కళ్లు కనిపిస్తాయన్న ప్రచారం కూడా అప్పటిదే. రాత్రి విమానాల్ని కూల్చిన పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ రహస్యం క్యారెట్లేనని వార్తలొచ్చాయి, నిజానికి అతని విమానంలో రాడార్ ఉంది. జర్మన్లు నమ్మారో లేదో గానీ క్యారెట్లు మాత్రం అమ్ముడుపోయాయి.

ఆడవాళ్ల పోస్టర్లలో ఒక తడబాటు కనిపిస్తుంది. 1941లో ఫిలిప్ జెక్ గీసిన ‘బ్రిటన్ మహిళలారా, ఫ్యాక్టరీల్లోకి రండి’ పోస్టర్‌లో ఒకామె చేతులు చాచి నిలబడి ఉంటుంది, వెనక విమానాలు బారులు తీరి ఎగురుతాయి. పసుపు చర్మం లేదు, అడ్డుగోడ లేదు, క్యూ లేదు. అదే ఏడాది ఏబ్రమ్ గేమ్స్ సైనిక సహాయక దళం కోసం గీసిన అందగత్తె పోస్టర్ మరీ సొగసుగా ఉందని పార్లమెంటులో అభ్యంతరం వచ్చి వెనక్కి తీసుకున్నారు. అమ్మాయి ఆకర్షణీయంగా ఉండాలి, మరీ ఎక్కువ ఉండకూడదు, మగవాడి పని చేయాలి, మగవాడిలా అవకూడదు.

జీతం దగ్గర ఈ ముసుగు తొలగిపోయింది. 1940లో ఇంజనీరింగ్ యజమానులూ యూనియన్లూ చేసుకున్న ఒప్పందం ప్రకారం మగవాడి పని చేసే స్త్రీకి 32 వారాల తర్వాత మగవాడి రేటు ఇవ్వాలి, ఒక షరతు మీద, ఆమెకి అదనపు పర్యవేక్షణగానీ సాయంగానీ ఉండకూడదు. మెషీన్ సెట్ చేయడానికి ఎవరైనా మెకానిక్ వచ్చాడా, అదే ‘సాయం’, ఇక పూర్తి జీతం లేదు. పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి ఇది ‘ఆడవాళ్ల పని’ అనడం ఇంకో ఎత్తు. గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్‌లో విమాన ఇంజన్లు తయారుచేసే రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో 1943లో దీని మీదే సమ్మె వచ్చింది, సుమారు 16,000 మంది ఆగిపోయారు, మగవాళ్లు కూడా తోడొచ్చారు. మగవాళ్లది వట్టి ఔదార్యం కాదు, ఆడవాళ్లు చవగ్గా దొరికితే యుద్ధం అయ్యాక తమ రేట్లు పడిపోతాయన్న భయం. ఎవరి పేరుని బట్టి కాకుండా ఏ మెషీన్ మీద ఏ పని అన్నదాన్ని బట్టి రేటు కట్టాలని అక్కడ తేలింది. 1944 మార్చిలో టీచర్లకి సమాన జీతం ఇవ్వాలన్న సవరణ పార్లమెంటులో ఒక్క ఓటు తేడాతో నెగ్గితే, చర్చిల్ దాన్ని తన ప్రభుత్వం మీద విశ్వాస పరీక్షగా మార్చి రెండు రోజుల్లోనే తిరగరాయించాడు.

సమాన వాటా అన్న న్యాయం బ్రిటన్ తీరం దాటలేదని కూడా చెప్పుకోవాలి. 1942లో బర్మా జపాన్ చేతికి పోవడంతో అక్కణ్నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది, ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి, తూర్పు తీరమంతా వణికింది. 1943 మొదట్లో బ్రిటన్ తన దిగుమతుల కోసం, ఉత్తర ఆఫ్రికా యుద్ధం కోసం హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడల్ని బాగా తగ్గించింది. ఆ ఏడాదే బెంగాల్లో ఆకలికీ దాని వెంట వచ్చిన రోగాలకీ దాదాపు 30 లక్షల మంది పోయారు, ధాన్యం పంపడానికి ఓడలివ్వమంటే లండన్ పదే పదే లేవంది. లండన్‌లో ఎంత చిన్నింటికైనా రేషన్ పుస్తకం ఉంది, బెంగాల్ పల్లెలో కూలీకి అదేమీ లేదు. ఆ కరవు తర్వాతే లక్ష జనాభా దాటిన నగరాల్లో రేషన్ పెట్టాలని ప్రభుత్వం వేసిన కమిటీ సిఫారసు చేసింది, మన రేషన్ దుకాణాల వేళ్లు అక్కడే ఉన్నాయి.

యుద్ధం ముగిసినా బ్రిటన్‌లో కూపన్లు ముగియలేదు. యుద్ధంలో ఎన్నడూ రేషన్‌లో లేని రొట్టెని 1946 జులైలో రేషన్‌లో పెట్టి రెండేళ్లు ఉంచారు, మాంసం మీద ఆంక్ష 1954 జులై వరకూ సాగింది. శిశు కేంద్రాల ఖర్చంతా తానే భరించడం మాత్రం ప్రభుత్వం 1946లోనే మానేసింది, చాలా మూతపడ్డాయి. బట్టల మిల్లుల్లో చేతులు చాలక 1947లో మళ్లీ ఆడవాళ్లనే పనికి రమ్మని పోస్టర్లు వేశారు, ఈసారి పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు చాలావరకు అమ్మమ్మల మీదే పడింది.